ఒకటి అంటే ఏది? యాప్ రివ్యూల స్క్రీన్‌షాట్లలో ఫిర్యాదుల లెక్క

ఏదైనా యాప్ గురించి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలంటే ఆఫీసుల్లో ముందుగా జరిగే పని ఒకటుంది. ఎవరో ఒకరు ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి, రివ్యూలను కిందికి జరుపుకుంటూ స్క్రీన్‌షాట్లు తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. కింద ఒక లైను రాస్తారు: "చూడండి, అందరూ పేమెంట్ గురించే తిడుతున్నారు." ఆ అందరూ అంటే ఎంతమంది అని పైవాళ్లు అడిగిన రోజున చిక్కు మొదలవుతుంది. కూడటం ఎవరికైనా వచ్చు. దేన్ని ఒకటిగా కూడాలన్న దగ్గరే లెక్కలు తప్పుతాయి.

సొంత యాప్ అయితే ఇంత తంటా అక్కర్లేదు. యాప్ చేసినవాళ్లకు గూగుల్ ఇచ్చే ప్లే కన్సోల్ నుంచి రివ్యూలను, షీటులో పట్టికలా తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగా దించుకోవచ్చు. స్క్రీన్‌షాట్లతో పని పడేది పోటీ యాప్‌ను పరిశీలించేటప్పుడు, లేదా ఎవరో పంపిన బొమ్మలు తప్ప చేతిలో ఇంకేమీ లేనప్పుడు. అలాంటి ఒక ఉదాహరణను ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. అది బస్ టికెట్లు బుక్ చేసే యాప్ అనుకుందాం. చేతిలో 48 స్క్రీన్‌షాట్లున్నాయి. యాప్, రివ్యూలు, అంకెలు అన్నీ వివరణ కోసం కల్పించుకున్నవే. దారిలో కనిపించే తప్పులు మాత్రం ఈ పనిలో నిజంగా ఎదురయ్యేవి.

ముందు రివ్యూలు ఎన్నో తేలాలి

48 స్క్రీన్‌షాట్లలో కనిపించే రివ్యూ ముక్కలన్నీ లెక్కపెడితే 171 వచ్చాయి. ఇవి 171 రివ్యూలు కావు. స్క్రీన్‌షాట్ తీసి, కొంచెం జరిపి, మళ్లీ తీసినప్పుడు మొదటి బొమ్మలో అడుగున ఉన్న రివ్యూ రెండో బొమ్మలో పైన మళ్లీ కనిపిస్తుంది. ఇలా రెండుసార్లు వచ్చినవి 39. వీటిని పట్టుకోవడానికి తేదీ, స్టార్ల సంఖ్య, మొదటి ఐదారు పదాలు కలిపి చూస్తే చాలు. పేరుతో పోల్చాల్సిన అవసరం దాదాపు రాదు. రివ్యూ రాసినవాళ్ల పేర్లను, ఫొటోలను మొదట్లోనే కత్తిరించేయడం మంచిది కూడా. ఫిర్యాదుల లెక్కకు అవి పనికిరావు, షీటు నలుగురి చేతుల్లోకి వెళ్లాక మాత్రం ఇబ్బంది పెడతాయి.

వేర్వేరు రోజుల్లో తీసిన బొమ్మలు కలిసిపోతే ఇంకో చిక్కుంది. ప్లే స్టోర్‌లో ఒక ఖాతా నుంచి ఒక యాప్‌కు ఒకే రివ్యూ ఉంటుంది. మళ్లీ రాస్తే పాతది పోయి కొత్తది వస్తుంది. పోయిన వారం ఒక స్టార్ ఇచ్చి తిట్టిన మనిషి డబ్బులు తిరిగొచ్చాక నాలుగు స్టార్లకు మార్చి ఉండొచ్చు. రెండూ మన బొమ్మల్లో ఉంటే ఒకే మనిషి ఇద్దరవుతాడు. మాటలు మారిపోతాయి కాబట్టి ఈ ఒక్క సందర్భంలో పేరు చూడక తప్పదు. అందుకే ఈ పోలిక పేర్లు కత్తిరించే ముందే చేసుకోవాలి. అలాంటివి దొరికితే కొత్తదాన్నే ఉంచుకోవాలి.

171 లోంచి 39 తీసేస్తే 132 మిగిలాయి. వాటిలో 12 రివ్యూలు సగంలో తెగిపోయాయి. పొడుగు రివ్యూను ప్లే స్టోర్ మొదట పూర్తిగా చూపించదు, దాని మీద నొక్కితేనే మిగతాది తెరుచుకుంటుంది. స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు నొక్కలేదు. పన్నెండే కదా అని వదిలేయబోయే ముందు, జనం ఫిర్యాదు ఎలా రాస్తారో ఒకసారి గమనించాలి. ముందు జరిగింది చెబుతారు: డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు. తర్వాత తాము చేసింది: మెయిల్ పెట్టాను, ఫోన్ చేశాను. చివర్లో కస్టమర్ కేర్ మీద కోపం. రివ్యూ సగంలో తెగితే పేమెంట్ ఫిర్యాదు లెక్కలోకి వస్తుంది, కస్టమర్ కేర్ ఫిర్యాదు జారిపోతుంది. అంటే తెగిన రివ్యూలు లెక్కను ఒకే వైపుకు లాగుతాయి. పూర్తిగా వదిలేసినా నష్టమే, ఎందుకంటే అంత పొడుగ్గా రాసేది బాగా ఒళ్లు మండినవాళ్లే. వీలైతే ఆ రివ్యూల దగ్గరకు తిరిగి వెళ్లి, తెరిచి, మళ్లీ స్క్రీన్‌షాట్ తీయాలి. ఇక్కడ అది కుదరలేదనుకుందాం. 12 పక్కన పెట్టామని రిపోర్టులో రాసి, మిగిలిన 120 తో ముందుకెళ్లాలి.

బొమ్మలోంచి అక్షరాల్లోకి

బొమ్మలోని అక్షరాలను కంప్యూటరే చదివి టైపు చేసినట్టు ఇచ్చే పద్ధతిని ఓసీఆర్ అంటారు. 120 రివ్యూలకు అది అవసరమా? నిజానికి లేదు. ఒక మనిషి రెండు మూడు గంటలు కూర్చుంటే టైపు చేసేయవచ్చు. పైగా టైపు చేస్తూ ప్రతిదీ చదవడం వల్ల తర్వాతి పని సులువవుతుంది. రివ్యూలు అయిదారు వందలు దాటితే ఓసీఆర్ ఉపయోగం తెలుస్తుంది. ఉచితంగా దొరికే టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రామ్‌కు తెలుగు డేటా ఉంది. డార్క్ మోడ్‌లో తీసిన బొమ్మ అయితే ముందు ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్‌తో రంగులు తిరగేసి, కొంచెం పెద్దది చేసి ఇవ్వాలి:

```
magick rev_017.png -resize 200% -colorspace Gray -negate c_017.png
tesseract c_017.png out_017 -l tel+eng --psm 4
```

`-negate` నల్లటి నేల మీది తెల్లటి అక్షరాలను తెల్లటి నేల మీది నల్లటి అక్షరాలుగా మారుస్తుంది. మామూలు తెల్ల స్క్రీన్ బొమ్మకు దాన్ని తీసేయాలి. `--psm 4` అంటే ఇది ఒకే నిలువు వరుస, అందులో అక్షరాల సైజులు మారుతుంటాయి అని చెప్పడం. రివ్యూ పేజీ సరిగ్గా అలాగే ఉంటుంది.

ఓసీఆర్ చదవలేనివి కొన్నుంటాయి. స్టార్లు అక్షరాలు కావు, బొమ్మలు. వాటి సంఖ్యను చేత్తో ఎక్కించాల్సిందే. తెలుగులో ప, వ, ష లాంటి దగ్గరి పోలికల అక్షరాలు ఒకదానికొకటి మారిపోతుంటాయి, ఒత్తులు ఎగిరిపోతుంటాయి. ₹ గుర్తు ఒక్కోసారి 2 గా మారి ₹450 కాస్తా 2450 అవుతుంది. ఎన్ని రూపాయలు పోయాయో కూడా చూడాలనుకుంటే ఈ ఒక్క తప్పు చాలు, మొత్తం లెక్క తలకిందులవడానికి.

అన్నిటికన్నా చెడ్డ తప్పు మాత్రం ఓసీఆర్ సరిగ్గా చదివినప్పుడే జరుగుతుంది. చాలా రివ్యూల కింద కంపెనీ జవాబు ఉంటుంది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ రీఫండ్ ఇన్ని పనిదినాల్లో జమవుతుంది, మా సపోర్ట్ టీమ్‌కు రాయండి" అనే ధోరణిలో, ఒకే మాట అందరికీ అతికించి ఉంటుంది. ఓసీఆర్‌కు ఎవరు రాశారన్నది పట్టదు. జవాబును కూడా రివ్యూలో కలిపేస్తుంది. అప్పుడు రీఫండ్ ఊసే ఎత్తని మనిషి రివ్యూలో కూడా రీఫండ్ అన్న మాట వచ్చి చేరుతుంది. రీఫండ్ ఫిర్యాదులు ఒక్కసారిగా ఎక్కువైనట్టు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఫైల్‌లో ఒకే వాక్యం అక్షరం పొల్లుపోకుండా పది చోట్ల ఉందేమో వెతికితే ఇట్టే దొరికిపోతుంది.

పదాన్ని వెతికితే సరిపోదు

అక్షరాలు చేతికొచ్చాక చాలామంది చేసేది కంట్రోల్ ఎఫ్ నొక్కడం. `refund` అని వెతికితే మన 120 లో 16 దొరికాయి. చదివి లెక్కపెడితే 27 ఉన్నాయి. మిగతా 11 ఎక్కడ పోయాయి? ఎక్కడికీ పోలేదు, వేరే వేషంలో ఉన్నాయి. `refand`, `money return raledu`, `amount inka credit avvaledu`, "రిఫండ్", "నా డబ్బులు నాకిప్పించండి" అని ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. తెలుగువాళ్ల రివ్యూల్లో తెలుగు లిపి, ఇంగ్లిష్, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మూడూ కలగలిసి ఉంటాయి. మూడో దానికి స్పెల్లింగ్ అంటూ ఏదీ లేదు. `ledu`, `ledhu`, `leydu` అన్నీ ఒకటే.

ఎదురు తప్పు కూడా ఉంది. ఓటీపీ అన్న మాట 25 రివ్యూల్లో కనిపించింది, ఫిర్యాదు మాత్రం 18 లోనే. మిగతా ఏడింటిలో ఉన్నది `OTP fast ga vachindi kani payment fail` లాంటి మాట. ఓటీపీ బాగానే వచ్చిందని చెప్పిన మనిషిని ఓటీపీ బాధితుల్లో కలిపేయడం ఎంత తప్పో చెప్పక్కర్లేదు. తెలుగులో కాదు, లేదు అనే సంగతి క్రియ చివర్లో తేలుతుంది. రీఫండ్ వచ్చింది, రీఫండ్ రాలేదు, రెండిట్లోనూ మొదటి మాట ఒకటే. ముందు మాటను పట్టుకుని లెక్కపెట్టే పద్ధతికి ఆ చివరి మాట కనిపించదు. కాబట్టి ఈ సైజు పనికి చదవడమే దారి.

ఫిర్యాదు రకాలను ఎలా తేల్చాలి

ముందే ఒక జాబితా రాసుకుని రివ్యూలను అందులో ఇరికించకూడదు. మొదట 40 రివ్యూలు, వేర్వేరు తేదీలవి, వేర్వేరు స్టార్లవి తీసుకుని చదవాలి. ప్రతిదాని పక్కన ఆ మనిషి బాధ ఏమిటో వాళ్ల మాటల్లోనే మూడు నాలుగు పదాల్లో రాసుకోవాలి. నలభై అయ్యాక ఆ మాటలను దగ్గరచేస్తే రకాలు బయటపడతాయి. ఇక్కడ ఆరు వచ్చాయి: డబ్బు పోయి టికెట్ రాకపోవడం, రీఫండ్ ఆలస్యం, కస్టమర్ కేర్ పలకకపోవడం, ఓటీపీ లేదా లాగిన్ ఇబ్బంది, బస్సు రాకపోవడం లేదా ఆలస్యం, యాప్ ఆగిపోవడం. వీటిలో అమరనివాటికి "ఇతరాలు". ఇతరాల్లో చేరేవి మరీ ఎక్కువైపోతే జాబితాలో ఏదో ఒక రకం తప్పిపోయిందని అర్థం.

రివ్యూ పక్కన వేసే ఫిర్యాదు రకం గుర్తును ట్యాగ్ అందాం. ఒక రివ్యూకు ఒకే ట్యాగ్ అన్న నియమం పెట్టుకుంటే పని చెడుతుంది. డబ్బు పోయింది, రీఫండ్ రాలేదు, ఫోన్ ఎత్తలేదు అని ఒకే మనిషి మూడూ రాసినప్పుడు ఏ రెంటిని వదిలేస్తాం? అందుకే షీటులో ప్రతి ఫిర్యాదు రకానికి ఒక నిలువు వరుస పెట్టి, ఆ ఫిర్యాదు ఉంటే 1, లేకపోతే 0 వేయాలి. అదే బాధను ఒకే రివ్యూలో నాలుగుసార్లు మొత్తుకున్నా 1 మాత్రమే. మనం లెక్కపెడుతున్నది మనుషులను, అరుపులను కాదు.

ఏ ట్యాగ్ ఎప్పుడు వేయాలో ఒక్కో వాక్యంలో రాసిపెట్టుకోకపోతే మూడో గంటకు మనం వేసిన ట్యాగ్‌లే మనకు కొత్తగా కనిపిస్తాయి. ఆ వాక్యాలు సరిగ్గా ఉన్నాయో లేదో తేలాలంటే ఇద్దరు మనుషులు, ఒకరి ట్యాగ్‌లు ఒకరు చూడకుండా, అవే 30 రివ్యూలకు ట్యాగ్‌లు వేయాలి. రీఫండ్ ట్యాగ్ దగ్గర ఇలా జరిగిందనుకుందాం: ఇద్దరూ ఉందన్నవి 6, ఇద్దరూ లేదన్నవి 20, మొదటివారు మాత్రమే ఉందన్నవి 2, రెండోవారు మాత్రమే ఉందన్నవి 2. ముప్పైలో 26 కుదిరాయి, అంటే 87 శాతం. వినడానికి బాగానే ఉంది. కానీ రీఫండ్ ఫిర్యాదులు తక్కువ కాబట్టి ఇద్దరూ కళ్లు మూసుకుని, తమకు అలవాటైన పాళ్లలో లేదు, లేదు అని వేసుకుంటూ పోయినా దాదాపు 61 శాతం కుదిరిపోతాయి. మనస్తత్వవేత్త జేకబ్ కోహెన్ 1960 లో ప్రతిపాదించిన కప్పా అనే కొలత ఈ యాదృచ్ఛిక పొత్తును తీసేసి చూస్తుంది:

```
κ = (0.867 - 0.609) / (1 - 0.609) = 0.66
```

పూర్తిగా కుదిరితే 1, యాదృచ్ఛికానికి మించి ఏమీ లేకపోతే 0. 0.66 పర్వాలేదు, గొప్పగా లేదు. అయితే ఈ అంకె కంటే, కుదరని ఆ నాలుగు రివ్యూలు ఎక్కువ చెబుతాయి. తెరిచి చూస్తే నాలుగింటిలోనూ ఉన్నది "టికెట్ రాలేదు, డబ్బులు పోయాయి" అన్న తరహా మాట. ఒకరు దాన్ని రీఫండ్ కింద వేస్తే ఇంకొకరు వేయలేదు. పోయాయి అంటే తిరిగి రాలేదనేగా అని ఒకరి వాదన. తిరిగి అడిగినట్టు ఎక్కడుంది అని రెండోవారి వాదన. ఇద్దరిదీ న్యాయమే. అప్పుడు నియమాన్ని బిగించాలి: డబ్బు వెనక్కి అడిగామని గానీ, దానికోసం ఎదురుచూస్తున్నామని గానీ రాస్తేనే రీఫండ్ ట్యాగ్. ఆ తర్వాతే మొత్తం 120 కి ట్యాగ్‌లు మొదలుపెట్టాలి.

31 అంటే ఎంత శాతం?

120 లో 22 రివ్యూల్లో ఫిర్యాదే లేదు. ఇంకో 14 మంది "చెత్త యాప్", "వేస్ట్, డౌన్‌లోడ్ చేయకండి" అని ఊరుకున్నారు, కారణం చెప్పలేదు. స్పష్టమైన ఫిర్యాదున్నవి 84. వాటికి పడిన ట్యాగ్‌లు 136.

| ఫిర్యాదు | రివ్యూలు |
|---|---|
| డబ్బు పోయింది, టికెట్ రాలేదు | 31 |
| రీఫండ్ ఆలస్యం | 27 |
| కస్టమర్ కేర్ పలకదు | 24 |
| ఓటీపీ, లాగిన్ | 18 |
| బస్సు రాలేదు, ఆలస్యం | 16 |
| యాప్ ఆగిపోతుంది | 13 |
| ఇతరాలు | 7 |

మొదటి వరుసలోని 31 ని శాతంగా చెప్పమంటే మూడు జవాబులున్నాయి. మొత్తం రివ్యూల్లో 26 శాతం. ఫిర్యాదు చేసినవాళ్లలో 37 శాతం. పడిన ట్యాగ్‌లలో 23 శాతం. మూడూ సరైన భాగహారాలే. యాప్ మీద కోపమున్నవాళ్లు 37 అంటారు, యాప్ చేసినవాళ్లు 23 అంటారు. వీటిలో ట్యాగ్‌ల మీద తీసిన శాతానికి పెద్ద అర్థం లేదు. జనం ఇతర ఫిర్యాదులు ఎక్కువ రాస్తే పేమెంట్ బాధ అలాగే ఉన్నా దాని శాతం తగ్గుతుంది. మొత్తం రివ్యూల మీద చెప్పడం, ఏ సంఖ్య మీద తీశామో పక్కనే రాయడం మేలు: 120 లో 31. రివ్యూల మీద తీసిన శాతాలన్నీ కూడితే వంద దాటుతుందని కూడా ఒక మాట రాసిపెట్టాలి. లేకపోతే ఎవరో ఒకరు కూడి చూసి, తప్పు దొరికిందని మీటింగ్‌లో లేస్తారు.

రెండు రకాలను కలిపి చెప్పేటప్పుడు ఇంకో బోల్తా ఉంది. డబ్బుకు సంబంధించిన ఫిర్యాదులు మొత్తం ఎన్ని? 31, 27 కలిపి 58 అనేస్తారు. కానీ 15 మంది రెండూ రాశారు. వాళ్లను రెండుసార్లు కూడినట్టయింది. అసలు సంఖ్య 43. షీటులో F వరుస పేమెంట్, G వరుస రీఫండ్ అయితే:

```
=COUNTIFS(F2:F121,1,G2:G121,1)
=SUMPRODUCT(--((F2:F121+G2:G121)>0))
```

మొదటిది రెండూ ఉన్నవాటిని, రెండోది ఏదో ఒకటైనా ఉన్నవాటిని ఇస్తుంది. సగటున ముగ్గురిలో ఒకరికి పైగా డబ్బు గురించే రాశారని ఇప్పుడు ధైర్యంగా చెప్పవచ్చు. సగం మంది అని మాత్రం చెప్పలేం.

ఇదే పోలికను కస్టమర్ కేర్ మీద చేస్తే మరో సంగతి తెలుస్తుంది. ఆ 24 లో 19 రివ్యూలకు పేమెంటో రీఫండో ట్యాగ్ కూడా ఉంది. అంటే జనం కస్టమర్ కేర్‌కు ఊరికే ఫోన్ చేసి విసుక్కోవడం లేదు, డబ్బు ఇరుక్కుని ఫోన్ చేస్తున్నారు. పట్టికలో మూడో స్థానంలో విడిగా కనిపించే ఫిర్యాదు నిజానికి మొదటి రెండిటి తోక. కాల్ సెంటర్‌లో మనుషులను పెంచితే ఈ అంకె కొంత తగ్గుతుందేమో గానీ, పేమెంట్ సరిచేస్తే ఎక్కువ తగ్గే అవకాశముంది. బస్సు రాలేదన్న 16 సంగతి వేరు. అది ట్రావెల్స్ వాళ్ల తప్పు, యాప్‌ది కాదని కొట్టేసే అలవాటుంది. కోడ్ రాసేవాళ్ల జాబితాలోంచి తీసేయవచ్చు, లెక్కలోంచి తీయకూడదు.

ఇక మొదటి స్థానం ఎవరిదన్న పంచాయితీ. 31, 27 ల మధ్య తేడా నాలుగు రివ్యూలే. ఈ 120 యాదృచ్ఛికంగా తీసినవే అనుకున్నా, 31 కి వచ్చే 26 శాతం అటూ ఇటూ దాదాపు 8 శాతం ఊగుతుంది. 27 కూడా అంతే. ఇంకో 120 తీస్తే రీఫండే ముందుకు రావచ్చు. కాబట్టి పేమెంట్ మొదటిది, రీఫండ్ రెండోది అని ర్యాంకులు ఇవ్వడం అనవసరం. యాప్ ఆగిపోవడం కంటే ఈ రెండూ పెద్ద సమస్యలు అన్నంతవరకు గట్టి మాట.

తేదీల వరుస చూడకపోతే

ఓటీపీ ఫిర్యాదులు 18. పట్టికలో నాలుగో స్థానం, బస్సు ఫిర్యాదులకు కాస్త పైన. తేదీల ప్రకారం వరుస పెడితే 14 ఫిర్యాదులు మూడు రోజుల్లోనే పడ్డాయి. ఆ ముందు, ఆ తర్వాత నెలల్లో కలిపి నాలుగే. ఇది రోజూ ఉండే జబ్బు కాదు, ఆ మూడు రోజుల్లో ఎస్సెమ్మెస్ వెళ్లే దారిలోనో ఓ కొత్త అప్‌డేట్‌లోనో ఏదో తెగింది. పేమెంట్ ఫిర్యాదులు అలా కాకుండా నెలనెలా సమానంగా పడుతూనే ఉన్నాయి. అంకె ఒక్కటే చూసేవాళ్లకు ఈ రెండు ఒకే కోవలో కనిపిస్తాయి. ఒకటి ఈపాటికే నయమై ఉండొచ్చు, రెండోది కాలేదు.

ఇంత చేశాక కూడా ఈ అంకెలు చెప్పేది రివ్యూల గురించే, యాప్ వాడేవాళ్లందరి గురించి కాదు. టికెట్ సాఫీగా దొరికినవాళ్లు బస్సెక్కి నిద్రపోతారు, రివ్యూ రాయరు. దానికి తోడు ప్లే స్టోర్ రివ్యూలను మామూలుగా చూపించేది `Most relevant` వరుసలో. పొడుగ్గా రాసినవి, ఎక్కువమంది ఉపయోగకరం అన్నవి అక్కడ పైకి తేలే అవకాశం ఎక్కువ. స్క్రీన్‌షాట్లు తీసినవాళ్లు ఆ వరుసలో తీశారా, `Newest` పెట్టి తీశారా, లేక ఒక స్టార్ ఫిల్టర్ నొక్కి తీశారా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఒక స్టార్ ఫిల్టర్‌తో తీసినవాటిలో ఫిర్యాదు లేని రివ్యూలు తక్కువని ఆశ్చర్యపోతే నవ్వుతారు. ఈ ఉదాహరణలో `Newest` వరుసలోనే తీశారనుకుంటే రిపోర్టులో మొదటి వాక్యం ఇలా ఉండాలి: "కొత్తవి ముందు అన్న వరుసలో తీసిన 48 స్క్రీన్‌షాట్లలో పూర్తిగా చదవగలిగిన 120 రివ్యూల్లో 43, పేమెంట్ లేదా రీఫండ్ గురించి ఫిర్యాదు చేశాయి, సగంలో తెగిన 12 రివ్యూలు ఈ లెక్కలో లేవు."